కుక్కతో అద్దింట్లోకి దిగేముందు

ఇల్లు ఖాళీ చేసే రోజున ఓనరు తలుపు మీద గోళ్ల గీతలు చూపిస్తారు. అద్దెకున్నవాళ్లేమో అవి మేం రాకముందే ఉన్నాయంటారు. పెంపుడు జంతువున్న ఇళ్లలో అడ్వాన్సు గొడవలు ఎక్కువగా ఇక్కడే మొదలవుతాయి. పదకొండు నెలల అగ్రిమెంటులో నాలుగు వాక్యాలు ముందే రాసుకుంటే ఈ పేచీ ఉండదు.

హైదరాబాద్‌లో 22,000 అద్దెకు ఒక ఇల్లు తీసుకున్నారనుకుందాం. అడ్వాన్సు 44,000. లాబ్రడార్ పిల్ల ఉందని ఓనరు ఇంకో 10,000 అడిగారు. ఆ పదివేలు తిరిగిచ్చేవా, కావా అన్నది మొదట రాయించుకోవాలి. ‘పెట్ ఛార్జీ’ అని రాస్తే అది తిరిగి రాకపోవచ్చు. ‘డిపాజిట్’ అంటే నష్టం పోను మిగిలింది ఇచ్చేయాలి.

ఖాళీ చేసేటప్పుడు తలుపు పాలిష్‌కు 2,500, చిరిగిన బాల్కనీ మెష్‌కు 1,500, గోడల మరకలకు 6,000 అని ఓనరు లెక్క చెప్పారు. మొత్తం పదివేలూ సరిపోయాయి. కానీ ఊళ్లో వాడుక ప్రకారం ఒక నెల అద్దె పెయింటింగ్ కింద ఎలాగూ పట్టుకుంటున్నారు. అంటే గోడలకు రెండుసార్లు డబ్బు తీసుకున్నట్టే. ఆ 6,000 వెనక్కి రావాలి. మామూలు వాడకంలో వచ్చే అరుగుదలకు అద్దెదారు బాధ్యుడు కాడని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 108వ సెక్షన్ చెబుతోంది. రంగు వెలిస్తే అది అరుగుదల, తలుపు కొరికితే నష్టం. ఏది ఏదో తేలాలంటే చేరిన రోజే తలుపులు, మెష్, గోడల కింది భాగం ఫొటోలు తీసి ఓనరుకు వాట్సాప్‌లో పంపాలి.

సైజు దగ్గర ఇంకో మెలిక ఉంది. ‘చిన్న కుక్క’ అని రాసుకుంటే ఆ లాబ్రడార్ ఏడాది తిరిగేసరికి పాతిక కిలోలు దాటుతుంది. అందుకే జాతి, ఎన్ని ఉన్నాయి, పెరిగాక ఎంత బరువుంటుంది అన్నవి రాయాలి. ఓనరు తన ఇంటికి ఇలాంటి షరతు పెట్టుకోవచ్చు. అసోసియేషన్ సంగతి వేరు. పెద్ద కుక్కలు వద్దని, లిఫ్ట్ ఎక్కించొద్దని, మెజారిటీ ఓటుతోనైనా సరే, నిషేధించకూడదని భారత జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాలు చెబుతున్నాయి.

ఇక పక్కింటివాళ్ల ఫిర్యాదు. ‘ఎప్పుడూ మొరుగుతోంది’ అంటే ఏమీ తేలదు. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఎంతసేపు అన్నది రాసిమ్మనండి. మీరు ఆఫీసుకెళ్లిన వేళలే అందులో కనిపిస్తే అది ఒంటరితనంతో మొరుగుతోందన్నమాట. ఫోను రికార్డింగ్‌లో పెట్టి వెళితే మీకే తెలుస్తుంది. ఫిర్యాదు రాతపూర్వకంగా ఉండాలనీ, సరిదిద్దుకోవడానికి పదిహేను రోజులివ్వాలనీ, ఆ తర్వాతే ఖాళీ నోటీసు అనీ అగ్రిమెంటులో ఉంటే, ఒక్క ఫోన్‌కాల్‌తో సామాను సర్దుకునే పరిస్థితి రాదు.