చిమ్నీ జాతకం ఫిల్టర్ వెనకాల ఉంటుంది

విజయవాడలో పాత ఫ్లాట్ కొనుక్కున్న ఒక గృహిణికి వంటింటి చిమ్నీ కూడా ఇంటితో పాటే వచ్చింది. బిల్లు లేదు, గ్యారంటీ కార్డు లేదు. ఒక రోజు స్విచ్ వేస్తే 'గుంయ్' మని మూలుగు తప్ప గాలి లాగడం లేదు. ముందు నుంచి ఫొటో తీసి స్పేర్ పార్టుల కొట్టుకి వాట్సాప్‌లో పంపి, మోటారు, ఫిల్టర్ కావాలని అడిగారు. కొట్టాయన జవాబు ఒక్క ముక్కే: "మేడమ్, బయట చూసి చెప్పలేం. ఫిల్టర్ తీసి లోపలి స్టిక్కర్ ఫొటో పంపండి."

ఆయన చెప్పింది నిజం. నల్ల గాజు, వంపు అంచు, మధ్యలో కంపెనీ పేరు ఉన్న చిమ్నీలు ఊరంతా ఉన్నాయి. ఒకే కంపెనీ ఒకే రూపంలో రెండు మూడు మోడళ్లు అమ్ముతుంది. లోపలి మోటారు మాత్రం వేరు. బయటి ఫొటో కంపెనీ పేరు, వెడల్పు, బటన్ల తీరు చెప్పగలదు. అంతకు మించి చెప్పలేదు.

అసలు వివరాలుండే స్టిక్కర్ సాధారణంగా ఫిల్టర్ వెనకాల, లోపలి గోడ మీద అంటించి ఉంటుంది. ప్లగ్ పీకేసి, ఫిల్టర్ పిడిని నొక్కి కిందికి దించితే కనబడుతుంది. ఏళ్ల తరబడి పేరుకున్న జిడ్డు కింద అక్షరాలు మాసిపోయి ఉంటాయి. గిన్నెల సబ్బు కలిపిన గోరువెచ్చని నీళ్లలో గుడ్డ ముంచి, గట్టిగా పిండి తుడవాలి. స్టీలు పీచు పెడితే జిడ్డుతో పాటు అచ్చు కూడా పోతుంది, ఇక ఆ మోడల్ నంబరు దొరకదు. ఫొటో తీసేటప్పుడు ఫ్లాష్ వాడితే మెరుపు అక్షరాలను మింగేస్తుంది. పక్క నుంచి టార్చి వేయించుకుని తీస్తే నంబర్లు స్పష్టంగా పడతాయి.

ఆమె స్టిక్కర్ మీద మోడల్, సీరియల్ నంబర్లతో పాటు 230 వోల్టులు, మొత్తం 183 వాట్లు అని ఉంది. చాలామంది ఇక్కడే పొరబడతారు. ఆ మొత్తంలో దీపాలు కూడా కలిసి ఉంటాయి. ఆ చిమ్నీకి ఒకటిన్నర వాట్ల దీపాలు రెండు ఉన్నాయి కాబట్టి మోటారు వాటా 180 వాట్లు.

ఫిల్టర్ విషయంలో పొరపాటు ఇంకో రకంగా జరుగుతుంది. '60 సెంటీమీటర్ల చిమ్నీకి ఫిల్టర్' అని అడిగితే కొలత చెప్పినట్టు కాదు. ఆ 60 చిమ్నీ మొత్తం వెడల్పు. ఆమె చిమ్నీలో రెండు ఫిల్టర్లున్నాయి, ఒక్కోటి 26 సెంటీమీటర్ల వెడల్పు, 38.5 పొడవు. ఖాళీని కాకుండా ఫిల్టర్‌నే అంచు నుంచి అంచుకి, మందంతో సహా కొలవాలి. స్టీలు స్కేలును ఫిల్టర్ మీదే ఆనించి, నిటారుగా పైనుంచి ఫొటో తీయాలి. ఏటవాలుగా తీస్తే దూరపు అంచు చిన్నదిగా కనబడి లెక్క తప్పుతుంది. వెనకవైపు ఫొటో కూడా పంపాలి, ఎందుకంటే స్ప్రింగు గొళ్లెం ఏ వైపున ఉందో అక్కడే తెలుస్తుంది. కొలత కుదిరినా గొళ్లెం కుదరకపోతే ఫిల్టర్ నిలవదు. కొన్ని ఆటోక్లీన్ చిమ్నీల్లో ఫిల్టరే ఉండదు, నూనె పట్టే చిన్న గిన్నె ఉంటుంది.

ఇక మోటారు. మూలుగుతోందంటే మోటారు పోయిందని అర్థం కాదు. ప్లగ్ పీకేసి పిలిపించిన ఎలక్ట్రీషియన్ లోపలి చక్రాన్ని వేలితో తిప్పి చూశాడు. సులువుగా తిరిగింది. బిగుసుకుని ఉంటే బేరింగు అరిగిందనో, జిడ్డు పట్టిందనో అనుకోవాలి. సులువుగా తిరుగుతూ కరెంటు పెడితే కదలకపోతే మొదటి అనుమానం కెపాసిటర్ మీదకే పోతుంది. కరెంటు తీసేశాక కూడా అందులో కొంత విద్యుత్తు నిలిచి ఉండొచ్చు కాబట్టి ఇది తెలిసినవాళ్లు ముట్టుకోవాల్సిన పని. దాని ఒంటి మీద 5 మైక్రోఫారడ్, 440 వోల్టులు అని ఉంది, మీటరులో 2 మాత్రమే చూపించింది. అదే మైక్రోఫారడ్ ఉన్నది, వోల్టులు అంతే లేదా ఎక్కువ ఉన్నది వేయాలి.

మాడిన వాసన వచ్చి, వైండింగ్ కాలిపోయి ఉంటే మాత్రం మోటారే మార్చాలి. అప్పుడు వాట్లు ఒక్కటే సరిపోవు. ఇరుసు మందం, పొడవు, వైర్ల రంగులు, చక్రం తిరిగే దిక్కు కలవాలి. చక్రం ఎదురు దిక్కుకి తిరిగితే చప్పుడు మామూలుగానే ఉంటుంది, గాలి లాగడం మాత్రం బాగా తగ్గిపోతుంది. అందుకే వైర్లు విప్పకముందే ఏ వైరు ఎక్కడుందో ఒక ఫొటో, మోటారు లేబులు ఒక ఫొటో, బాణం గుర్తు ఉంటే దానిదీ ఒకటి తీసి కొట్టుకి పంపాలి.

విజయవాడ ఇంట్లో అంత దూరం వెళ్లలేదు. కెపాసిటర్ మార్చి స్విచ్ వేయగానే చక్రం అందుకుంది. పొయ్యి మీద పోపు వేసి చూశారు. పొగ నేరుగా పైకి పోయింది. నాలుగు రోజులకి గొళ్లెం కుడివైపున్న రెండు ఫిల్టర్లు వచ్చాయి, ఒక్క నొక్కుతో కూర్చున్నాయి.