సెలవు చీటీలో నాలుగు ఆర్టికల్స్

బడిలో ఆర్టికల్స్ పాఠం సూర్యచంద్రులతో మొదలై గంగా గోదావరులతో ముగుస్తుంది. లోకంలో ఒక్కటే ఉన్నదానికి ‘ది’, నదుల పేర్లకు ‘ది’, మొదటిసారి చెప్పేదానికి ‘ఎ’, అదే మళ్లీ చెబితే ‘ది’. ఇవన్నీ అప్పజెప్పినవాళ్లు కూడా ఆఫీసుకు ఇంగ్లిషులో సెలవు చీటీ రాయాల్సి వస్తే తడబడతారు. చీటీల్లో గంగ ఉండదు, సూర్యుడూ ఉండడు. జ్వరం ఉంటుంది, డాక్టరు ఉంటాడు.

మన ఆఫీసుల్లో తరచూ కనిపించే తరహా చీటీ ఒకటి చూద్దాం. ‘ఐ హావ్ ఫీవర్. ఐ వెంట్ టు హాస్పిటల్ నియర్ మై హౌస్. డాక్టర్ అడ్వైజ్డ్ రెస్ట్. ఐ విల్ సెండ్ సర్టిఫికెట్ టుమారో.’ విషయం బాగానే తెలుస్తోంది. కానీ నాలుగు చోట్ల ఆర్టికల్ లోపించింది.

ముందు డాక్టరు సంగతి. ఆయన ప్రస్తావన రావడం ఇదే మొదటిసారి కాబట్టి బడి సూత్రం ప్రకారం ‘ఎ డాక్టర్’ అనాలి. అయినా ఇక్కడ ‘ది డాక్టర్’ అనడమే సహజం. హాస్పిటల్‌కు వెళ్లానని పై వాక్యంలోనే చెప్పారు. అక్కడ చూసిన డాక్టరే ఈయన అని చదివేవారు ఇట్టే పోల్చుకుంటారు. ‘ఎ డాక్టర్’ అంటే ఆ హాస్పిటల్‌తో సంబంధం లేని మరెవరో డాక్టరు సలహా ఇచ్చినట్టు ధ్వనిస్తుంది. కొత్త ఇంటి గురించి చెప్పి, వెంటనే ‘ది కిచెన్ ఈజ్ స్మాల్’ అన్నా ఇదే లెక్క. వంటగది మాట ముందు ఎత్తకపోయినా, ఏ వంటగదో తెలిసిపోయింది. కాబట్టి ఎన్నోసారి చెబుతున్నామన్నది అసలు ప్రశ్న కాదు. దేని గురించి అంటున్నామో అవతలివారు పోల్చుకోగలరా అన్నదే ప్రశ్న.

ఈ తేడా మనకు తెలియనిదేమీ కాదు. ‘బల్ల మీద పుస్తకం ఉంది’ అంటే ఏదో ఒక పుస్తకం. ‘పుస్తకం బల్ల మీద ఉంది’ అంటే మీరు వెతుకుతున్న ఆ పుస్తకం. మనం మాటల వరసతో చేసే పనిని ఇంగ్లిషు మొదటి వాక్యంలో ‘ఎ’తో, రెండో వాక్యంలో ‘ది’తో చేస్తుంది.

ఇక ‘హాస్పిటల్ నియర్ మై హౌస్’. వెనక వివరం తగిలించాం కాబట్టి ‘ది’ పెట్టాలని చాలామంది అనుకుంటారు. వివరం ఉంటే సరిపోదు, అది చదివేవారి దృష్టిని ఒక్కదాని మీదికే తేవాలి. ఇంటి దగ్గర ఎన్ని హాస్పిటళ్లున్నాయో మేనేజరుకు తెలియదు, అందుకని ‘ఎ హాస్పిటల్’. అసలు ఆర్టికలే లేకుండా ‘ఇన్ హాస్పిటల్’ అనడం కూడా ఉంది. బ్రిటిష్ ఇంగ్లిషులో దానికి చికిత్స కోసం చేరి ఉన్నారని అర్థం. పలకరించడానికి వెళ్లినవారు మాత్రం ‘ది హాస్పిటల్’కే వెళతారు. అమెరికన్లు రోగి విషయంలోనూ ‘ఇన్ ది హాస్పిటల్’ అనే అంటారు. జైలుకూ బడికీ ఆర్టికల్ లేకపోతే శిక్ష పడటం, చదువుకోవడం అని అర్థం వస్తుంది. ‘నియర్ మై హౌస్’ అనగానే మాట చికిత్స నుంచి కట్టడం మీదికి మళ్లింది. అందుకే మన చీటీలో ఖాళీగా వదలడం కుదరదు.

జబ్బుల దగ్గర తర్కం కొంత దూరమే వస్తుంది. ‘ఎ ఫీవర్’, ‘ఎ కోల్డ్’, ‘ఎ హెడేక్’ అంటారు గాని మలేరియాకూ డయాబెటిస్‌కూ ఏమీ పెట్టరు. ఫ్లూకు ‘ది’ పెట్టేవారూ ఉన్నారు, పెట్టనివారూ ఉన్నారు. వీటిని వాడుకగా నేర్చుకోవలసిందే, కారణం వెతికితే కాలయాపన. ‘రెస్ట్’ మాత్రం ఇక్కడ లెక్కపెట్టే వస్తువు కాదు కాబట్టి ఒంటరిగా నిలుస్తుంది. అదే మాట కాసేపు నడుం వాల్చడమనే అర్థంలో వస్తే ‘హావ్ ఎ రెస్ట్’ అవుతుంది. లెక్కకు వస్తుందా రాదా అన్నది ఆ వాక్యంలో మాటకున్న అర్థాన్ని బట్టి చూడాలి, నిఘంటువులో ఒక్కసారి చూసి ఊరుకుంటే చాలదు.

చీటీలో ఎక్స్‌రే మాట వస్తే ‘యాన్ ఎక్స్‌రే’ అనాలి, పలుకు అచ్చుతో మొదలవుతుంది కనుక. ‘యాన్ ఎమ్మెల్యే’, ‘యాన్ అవర్’, ‘ఎ యూనివర్సిటీ’ కూడా అంతే. మనలో చాలామంది ఎమ్మెల్యేను ‘యెమ్మెల్యే’ అంటారు. ఆ యకారం మనది, ఇంగ్లిషుది కాదు. దాన్ని నమ్ముకుంటే చెవి మోసం చేస్తుంది.

మిగిలింది సర్టిఫికెట్. ఆఫీసువారు అడగకముందే మనంతట మనం పంపుతుంటే ‘ఎ సర్టిఫికెట్’. రెండు రోజులు మించితే సర్టిఫికెట్ ఇవ్వాలని వారు ముందే చెప్పి ఉంటే ‘ది సర్టిఫికెట్’. మేనేజరు మన కాలనీలోనే ఉంటూ, అక్కడున్నది ఒకే హాస్పిటల్ అయితే, పైన పెట్టిన ‘ఎ హాస్పిటల్’ కూడా ‘ది’గా మారుతుంది.