‘మీటింగ్‌లో ఉన్నా’ అని ఎలా చెప్పాలి? దూరంలో ఉన్న దంపతులకు పది సెకన్ల జవాబు

నిజామాబాద్‌లో బీఎడ్ చదువుతున్న భార్య, రియాద్‌లో ఉద్యోగం చేస్తున్న భర్త. నికాహ్ అయి ఏడాది కూడా కాలేదు. ఇక్కడ ఉదయం 11:40కి ఆమె మెసేజ్ పెట్టింది: ‘ఏమండీ, ఈరోజు నా డెమో క్లాస్ అయిపోయింది. మేడమ్ బాగా చెప్పావన్నారు.’ అప్పుడు రియాద్‌లో టైమ్ 9:10. ఆయన పొద్దుటి మీటింగ్‌లో ఉన్నాడు. టేబుల్ కింద ఫోన్ చూసి ‘బిజీ’ అని కొట్టి పక్కన పెట్టేశాడు.

ఆయన తప్పు మాట ఏమీ అనలేదు. నిజంగానే బిజీ. కానీ ఆ రోజు సాయంత్రం కాల్ చేస్తే ఆమె ముక్తసరిగా మాట్లాడింది. ఏమైందంటే ‘ఏం లేదు’ అంది. ఇలాంటివి చాలా ఇళ్లలో జరుగుతూనే ఉంటాయి.

ఆమె పంపింది వార్త కాదు. ‘నా సంతోషంలో ఒక నిమిషం పాలు పంచుకోండి’ అని పిలిచింది. అమెరికాలోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో జాన్ గాట్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొత్త దంపతులను గమనించి, ఆరేళ్ల తర్వాత వాళ్ల కాపురాలు ఎలా ఉన్నాయో చూశారు. కలిసి ఉన్నవాళ్లు గతంలో ఇలాంటి చిన్న చిన్న పిలుపులకు నూటికి 86 సార్లు స్పందించారు. విడిపోయినవాళ్లు 33 సార్లే. అది ఎదురెదురుగా ఉన్నప్పటి లెక్క, ఫోన్ మెసేజ్‌లది కాదు. కానీ గల్ఫ్‌లో ఒకరు, ఊళ్లో ఒకరు ఉన్నప్పుడు ఎదురెదురుగా ఉండే అవకాశమే లేదు కదా. ఉన్నదల్లా ఆ మెసేజే.

అదే జవాబు ఇలా ఉంటే ఎలా ఉండేదో చూడండి: ‘మీటింగ్‌లో ఉన్నా. మేడమ్ కన్నా ముందు నేను వినాల్సిన పాఠం అది. నీ టైమ్ రెండింటికి చేస్తా, మొత్తం మళ్లీ చెప్పాలి.’ కొట్టడానికి ‘బిజీ’ కన్నా పది సెకన్లు ఎక్కువ పడుతుంది, అంతే.

ఇందులో మూడు పనులు జరిగాయి. ఎక్కడున్నాడో చెప్పాడు కాబట్టి ఆమెకు అనుమానం లేదు. ఎప్పుడు మాట్లాడతాడో చెప్పాడు కాబట్టి ఎదురుచూపుకు ఒక హద్దు ఉంది. ఈ రెండూ చాలామంది చెబుతారు. మరిచిపోయేది మధ్యలో ఉన్న ముక్క. ఆమె ఏం రాసిందో చదివినట్టు తెలిసేది అక్కడే. డెమో గురించి చెబితే డెమో గురించే ఒక మాట రావాలి. దాని బదులు నాలుగు గుండె బొమ్మలు పంపితే మొదట్లో బాగుంటుంది. రోజూ అవే వస్తుంటే ఆఫీసులో వేసే స్టాంపులా అయిపోతాయి.

ఆ మధ్య ముక్క ఇద్దరికే తెలిసినదైతే ఇంకా మంచిది. ఉదాహరణకు, ఆమె ఇంట్లో ప్రాక్టీస్ చేసినప్పుడు చాక్‌పీస్ పొడి ముక్కుకు అంటుకుందనుకుందాం. వీడియో కాల్‌లో అది చూసి ఇద్దరూ నవ్వుకున్నారు. ఇప్పుడు ‘ఈసారి ముక్కుకు చాక్‌పీస్ అంటలేదు కదా, అదే చాలు’ అంటే ఆమె క్లాసులోనే నవ్వు ఆపుకోవాల్సి వస్తుంది. దీనివల్ల ఇంకో లాభం ఉంది. కొందరి ఫోన్లలో మెసేజ్ లాక్ స్క్రీన్ మీదే కనబడిపోతుంది. వాట్సాప్ తెరిచి ఉన్న ల్యాప్‌టాప్‌ను ప్రొజెక్టర్‌కు పెడితే క్లాసంతా చదివేయొచ్చు. ఇంట్లో చెల్లెలి చేతిలో ఫోన్ ఉండొచ్చు. చాక్‌పీస్ మాట ఎవరు చదివినా వాళ్లకు అందులో ఏమీ కనిపించదు. అర్థం కావాల్సిన మనిషికి మాత్రం అర్థమవుతుంది.

బిజీగా ఉన్నప్పుడు ప్రశ్న మాత్రం అడగకూడదు. ‘ఏ పాఠం చెప్పావు?’ అని అడిగితే ఆమె వెంటనే జవాబు రాస్తుంది. ఇటు ఫోన్ మళ్లీ మోగుతుంది. దానికి స్పందించకపోతే మొదటిదానికన్నా ఇది ఎక్కువ నొప్పి. అడిగింది తనే, వినకుండా పోయిందీ తనే! అందుకే పైన ‘చెప్పాలి’ అన్నాడు, ‘చెప్పు’ అనలేదు. మాట ముగిసింది, కబురు మాత్రం రెండింటికి మిగిలింది.

టైమ్ విషయంలో గల్ఫ్ కుటుంబాలకు ఒక చిక్కు ఉంది. ‘మగ్రిబ్ తర్వాత చేస్తా’ అంటారు. ఎవరి మగ్రిబ్? నిజామాబాద్‌లో పొద్దుగూకిన సుమారు రెండు గంటలకు గానీ రియాద్‌లో పొద్దుగూకదు. ఆమె నమాజ్ ముగించుకొని ఫోన్ పట్టుకు కూర్చుంటే, ఆయన ఇంకా ఆఫీసులోనే ఉంటాడు. సౌదీ గడియారం మనకన్నా రెండున్నర గంటలు వెనక. కాబట్టి అవతలి మనిషి గడియారం ప్రకారం, అంకెతో చెప్పడమే మేలు. ‘ఇన్షా అల్లాహ్, నీ టైమ్ రెండింటికి’ అంటే అందులో మాట ఉంది. టైమ్ లేకుండా ‘చేస్తాలే ఇన్షా అల్లాహ్’ అంటే మాత్రం ‘చూద్దాంలే’ అన్నట్టే వినబడుతుంది.

మీటింగ్ సాగిపోతే? రెండు దాటాక సారీ చెప్పడం కన్నా, 1:55కే ‘ఇంకో అరగంట’ అని పెట్టడం వేరు. మొదటిదాంట్లో ఆమె అప్పటికే ఎదురుచూసి విసిగిపోయి ఉంటుంది.

ఫోన్ కాల్ వచ్చినప్పుడు కట్ చేసి పంపడానికి ఫోన్లోనే రెడీమేడ్ జవాబులు ఉంటాయి. వాటిని సెట్టింగ్స్‌లో మన మాటల్లోకి మార్చుకోవచ్చు. కానీ అవి చాలాసార్లు మామూలు ఎస్ఎంఎస్‌గా వెళ్తాయి. సౌదీ నుంచి ఇండియాకు ఎస్ఎంఎస్ అంటే చార్జీ పడొచ్చు, పైగా ఆ ఇన్‌బాక్స్‌ను ఇప్పుడు చూసేవాళ్లు తక్కువ. దానికన్నా కీబోర్డులో షార్ట్‌కట్ పెట్టుకోవడం నయం. ఆండ్రాయిడ్‌లో జీబోర్డ్ వాడేవాళ్లు పర్సనల్ డిక్షనరీలో, ఐఫోన్ వాళ్లు టెక్స్ట్ రీప్లేస్‌మెంట్‌లో ‘మీటింగ్‌లో ఉన్నా’ అన్న వాక్యానికి రెండక్షరాల గుర్తు ఇవ్వొచ్చు. మొదటి ముక్క వరకే అలా చేయాలి. మధ్య ముక్క కూడా రెడీమేడ్ అయితే నాలుగో రోజుకే దొరికిపోతారు.

క్లాసులో ఫోన్ ముట్టుకోనివ్వని కాలేజీలు ఉన్నాయి. అక్కడ ఆమె చేయగలిగింది ముందే చెప్పడం: ‘11 నుంచి 1 వరకు లోపల ఉంటా. మీ మెసేజ్‌లు అన్నీ ఒంటిగంటకు టిఫిన్ బాక్స్‌తో పాటు తెరుస్తా.’ మధ్యలో ఆయన ఏం పంపినా జవాబు రాలేదన్న బాధ ఉండదు. పంపాలన్న సరదా కూడా పోదు.

అన్ని మెసేజ్‌లకూ ఈ పద్ధతి పనికిరాదు. ‘అమ్మీకి జ్వరం తగ్గలేదు’, ‘ఒక్కసారి చేయండి’ అన్నవాటికి సరదా జవాబు పెడితే తప్పు. అక్కడ బయటికి వచ్చి రెండు నిమిషాలు మాట్లాడాల్సిందే. రాతలో గొంతు వినబడదు కాబట్టి ఇద్దరూ ముందే ఒక గుర్తు అనుకోవాలి. వెంటవెంటనే రెండుసార్లు ఫోన్ చేస్తే అర్జంటు అన్నమాట. ఐఫోన్ ఫోకస్‌లో ఉన్నా, మళ్లీ మళ్లీ వచ్చే కాల్స్‌ను అనుమతించే సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, మూడు నిమిషాల్లోపు అదే నంబర్ నుంచి వచ్చిన రెండో కాల్ మోగుతుంది. ఆండ్రాయిడ్‌లో ఆ గడువు 15 నిమిషాలు. డెమో క్లాస్ కబురు చెప్పడానికి మాత్రం రెండోసారి రింగ్ ఇవ్వకూడదు.