వంద కిలోల కార్బన్ ఎటు పోయింది?

ఒడిశాలోని అంగుల్‌లో నాల్కో వారి అల్యూమినియం స్మెల్టర్ ఉంది. దానికి కావలసిన అల్యూమినా అనే తెల్లటి పొడి కోరాపుట్ జిల్లా దామన్‌జోడి నుంచి వస్తుంది. దామన్‌జోడిలో తయారయ్యే అల్యూమినాలో కొంత మన విశాఖ రేవు మీదుగా విదేశాలకూ వెళ్తుంది. ఈ పొడిలో అల్యూమినియాన్ని ఆక్సిజన్ గట్టిగా పట్టుకుని ఉంటుంది. ఆ పట్టు విడిపించడమే స్మెల్టర్ పని. ఆ పని కరెంటు చేస్తుందని బడిలో చదువుకున్నాం. కానీ కరెంటు ఒక్కటే చేయదు. టన్ను లోహం తీయడానికి నాలుగు వందల కిలోల పైచిలుకు కార్బన్ కూడా కాలిపోతుంది. రసాయన సమీకరణం ప్రకారం అంత అక్కర్లేదు. మిగతాది ఎటు పోతోందన్నది స్మెల్టర్లలో పనిచేసేవాళ్లను రోజూ వేధించే ప్రశ్న.

అల్యూమినాను నేరుగా కరిగిద్దామంటే 2,050 డిగ్రీల సెల్సియస్ దాటాలి. అంత వేడికి మామూలు పాత్రలు తట్టుకోవు. 1886లో అమెరికాలో చార్లెస్ మార్టిన్ హాల్, ఫ్రాన్స్‌లో పాల్ ఎరూ, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండానే, ఒకే ఉపాయం కనిపెట్టారు. క్రయొలైట్ అనే ఖనిజం వెయ్యి డిగ్రీలు దాటగానే కరుగుతుంది, కరిగాక అల్యూమినాను తనలో కలుపుకుంటుంది. ఇద్దరూ 1863లోనే పుట్టారు, 1914లోనే పోయారు. ఆ రోజుల్లో క్రయొలైట్ గ్రీన్‌లాండ్‌లోని ఇవిట్టూట్ గని నుంచి వచ్చేది. ఇప్పుడు కృత్రిమంగా చేసుకుంటున్నారు. దానికి కొంత అల్యూమినియం ఫ్లోరైడ్ కలిపితే ద్రవం 960 డిగ్రీల దగ్గర పని చేస్తుంది. ఈ ద్రవాన్ని బాత్ అంటారు. అందులో అల్యూమినా ఎప్పుడూ రెండు నుంచి నాలుగు శాతమే ఉండేలా చూస్తారు.

ఇదంతా జరిగే తొట్టిని పాట్ అంటారు. చూడ్డానికి పొడవాటి ఇనుప పెట్టె. లోపల అడుగున వేడి నిలిపే ఇటుకలు, వాటిపైన కార్బన్ దిమ్మెలు, ఆ దిమ్మెల గాడుల్లో కరెంటును బయటికి తీసుకుపోయే ఉక్కు కడ్డీలు ఉంటాయి. దిమ్మెల మీద కరిగిన అల్యూమినియం మడుగులా నిలుస్తుంది. అసలు కేథోడ్ ఈ మడుగే. దానిమీద బాత్ తేలుతుంది. ఆ వేడిలో లోహం సాంద్రత 2.3, బాత్ సాంద్రత 2.1. ఈ కాస్త తేడా వల్లే లోహం అడుగున ఉంటోంది. అది తారుమారైతే తయారైన లోహం పైకి తేలి మళ్లీ కాలిపోయేది. బాత్‌లోకి పైనుంచి కార్బన్ యానోడ్లను వేలాడదీస్తారు. యానోడ్ అడుగుకూ లోహపు మడుగుకూ మధ్య దూరం నాలుగైదు సెంటీమీటర్లే.

పాట్ రూపకల్పనలో నాకు ముచ్చటగా అనిపించేది దాని పక్కగోడ. ఆక్సైడ్లను కరిగించడమే క్రయొలైట్ గుణం. ఇటుకలూ ఆక్సైడ్లే కాబట్టి వాటినీ వదలదు. మరి ఏ గోడ నిలుస్తుంది? గడ్డకట్టిన బాతే గోడ. పక్కల నుంచి వేడి కావాలనే బయటికి పోనిస్తారు. దాంతో గోడను ఆనుకున్న బాత్ కొన్ని సెంటీమీటర్ల మందాన గడ్డకట్టి, లోపలి బాత్ నుంచి గోడను కాస్తుంది. పాట్‌కిచ్చే కరెంటులో సగం దాకా వేడిగా పోతోందని బాధపడేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఆ వేడిని పూర్తిగా ఆపేస్తే గడ్డకట్టిన పొర కరిగి, పాట్ పక్కనుంచి కారుతుంది.

ఇక లెక్కకు వద్దాం. 1,80,000 ఆంపియర్ల పాట్ ఒకటి తీసుకుందాం. అంగుల్‌లోవి ఈ తరగతివే, మొత్తం 960 ఉన్నాయి. ఫారడే సూత్రం ప్రకారం వెయ్యి ఆంపియర్లు గంటసేపు ప్రవహిస్తే 0.3356 కిలోల అల్యూమినియం రావాలి. అంటే మన పాట్‌లో రోజుకు 1,450 కిలోలు రావాలి. కరెంటు సామర్థ్యం 94 శాతం అనుకుంటే చేతికొచ్చేది దాదాపు 1,360 కిలోలు.

ఇప్పుడు కార్బన్ సంగతి. సమీకరణం చిన్నదే:

2Al₂O₃ + 3C → 4Al + 3CO₂

దీని ప్రకారం టన్ను లోహానికి 333 కిలోల కార్బన్ చాలు. 1,360 కిలోలకు 453 కిలోలు. కానీ నిజంగా ఖర్చయ్యేది టన్నుకు 410 కిలోల చొప్పున వేసుకున్నా 558 కిలోలు. రోజుకు, ఒక్క పాట్‌లో, వంద కిలోలకు పైగా అదనం.

కార్బన్‌ను అసలెందుకు కాలనివ్వాలి, కాలని లోహంతో యానోడ్ చేయొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది. అల్యూమినాను అల్యూమినియంగా, ఆక్సిజన్‌గా విడగొట్టడానికి కనీసం 2.2 వోల్టులు కావాలి. ఆ ఆక్సిజన్ పుట్టీపుట్టగానే కార్బన్‌తో కలిసిపోతే 1.2 వోల్టులు చాలు. పాట్ మొత్తమ్మీద నాలుగు వోల్టుల పైన నడుస్తుంది కాబట్టి ఆ ఒక్క వోల్టు చిన్నదేం కాదు. యానోడ్ ఇక్కడ కరెంటు తీగా, ఇంధనమూ కూడా.

ఈ ఇంధనాన్ని పెట్రోలియం కోక్‌తో చేస్తారు. చమురు శుద్ధి చేశాక చివర మిగిలే కోక్‌ను 1,200 డిగ్రీలకు పైగా కాల్చి, అందులోని ఆవిరయ్యే పదార్థాలన్నీ పోగొడతారు. దీన్నే కాల్సినేషన్ అంటారు. హైదరాబాద్ కేంద్రంగా ఉన్న రెయిన్ ఇండస్ట్రీస్‌కు ఈ పని చేసే ప్లాంటు విశాఖపట్నంలో ఉంది. అలా కాల్చిన కోక్‌ను పొడి చేసి, పాత యానోడ్ల మిగుళ్లు కలిపి, బొగ్గు తారు నుంచి వచ్చే పిచ్‌తో ముద్ద చేసి, అచ్చుపోస్తారు. తర్వాత కొలిమిలో 1,100 డిగ్రీల దాకా రోజుల తరబడి కాలుస్తారు. పిచ్ కూడా కార్బన్‌గా మారి కోక్ రేణువులను పట్టి ఉంచుతుంది. దిమ్మె పైన గుంతల్లో ఉక్కు కాళ్లు దింపి, చుట్టూ పోత ఇనుము పోస్తారు. టన్ను దాకా తూగే ఈ దిమ్మె రోజుకు సుమారు ఒకటిన్నర సెంటీమీటర్లు అరుగుతూ మూడు, నాలుగు వారాలు పనిచేస్తుంది. పూర్తిగా అరగనివ్వరు. ఉక్కు కాళ్లు బాత్‌కు తగిలితే ఇనుము కరిగి లోహంలో కలిసి, సరుకు నాణ్యత పోతుంది. అందుకే నాలుగో వంతు మిగిలుండగానే తీసేసి కొత్తది పెడతారు. ఆ మిగులును బట్ అంటారు. అది మళ్లీ కొత్త యానోడ్‌లోకే పోతుంది కాబట్టి మన వంద కిలోల్లో దానికి వాటా లేదు.

మొదటి వాటా కరెంటు సామర్థ్యంలో దొరుకుతుంది. యానోడ్ కింద పుట్టిన కార్బన్ డయాక్సైడ్ బుడగలు లోహపు మడుగు దాకా చేరితే అక్కడి అల్యూమినియం తిరిగి అల్యూమినాగా మారిపోతుంది. కార్బన్ కాలింది, లోహం మాత్రం దక్కలేదు. 94 శాతం సామర్థ్యంలో పోయిన ఆరు శాతం ముఖ్యంగా ఇదే. మన పాట్‌లో దీని కింద రోజుకు 29 కిలోలు రాసుకోవచ్చు. దీన్ని పెంచేది లోహపు మడుగులోని అలలు. లక్షా ఎనభై వేల ఆంపియర్ల చుట్టూ ఉండే అయస్కాంత క్షేత్రం లోహాన్ని తోసి తిప్పుతుంది. బయట కరెంటును మోసే బస్‌బార్లను ఎటునుంచి ఎటు తిప్పాలన్న లెక్కంతా ఆ తోపును తగ్గించడానికే. మడుగు నిమ్మళంగా ఉంటే యానోడ్‌ను ఇంకాస్త దించి కరెంటు ఆదా చేయొచ్చు. అలలు లేస్తుంటే ఎత్తాల్సిందే.

మిగిలిన 76 కిలోల్లో పెద్ద వాటా గాలిది. యానోడ్ పైభాగం ఐదారు వందల డిగ్రీల వేడిలో ఉంటుంది. గాలి తగిలితే ఊరికే కాలిపోతుంది. దాన్ని ఆపడానికి పొడిచేసిన గడ్డ బాత్, అల్యూమినా కలిపి పైన మందంగా కప్పుతారు. కప్పు ఎక్కడైనా పగిలితే ఆ చోట ఎర్రగా మెరుస్తుంది. బయటికి తీసిన బట్ చూసినా తెలుస్తుంది: అంచులు, మూలలు గుండ్రంగా కొరికేసినట్టుంటే పైన గాలి ఆడిందన్నమాట. కోక్‌లో వెనేడియం ఎక్కువైతే ఈ కాలుడు ఇంకా జోరందుకుంటుంది. సరిగా శుభ్రం చేయని బట్‌ల వెంట వచ్చే సోడియం కూడా ఇదే పని చేస్తుంది.

ఇంకో దొంగ లోపల ఉంటాడు. కార్బన్ డయాక్సైడ్ యానోడ్ రంధ్రాల్లోకి దూరి, అక్కడి కార్బన్‌తో కలిసి కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. ఇది కోక్ రేణువులను, పిచ్ నుంచి వచ్చిన కార్బన్‌ను సమానంగా తినదు. పిచ్ భాగం ముందు పోతుంది. ఇటుకల మధ్య సున్నం కొట్టుకుపోతే ఇటుకలు ఊడిపడ్డట్టు, కోక్ రేణువులు రాలి బాత్ మీద నల్లటి దుమ్ముగా తేలతాయి. ఆ కార్బన్ పోతే పోయింది, ఆ దుమ్ము చేసే చెరుపే ఎక్కువ. అది బాత్‌లో కరెంటుకు అడ్డుపడుతుంది, బాత్ వేడెక్కుతుంది, వేడెక్కిన కొద్దీ సామర్థ్యం తగ్గుతుంది, ఇంకా దుమ్ము రాలుతుంది. కొన్నిసార్లు యానోడ్ అడుగున ఒకచోట అరుగుదల ఆగిపోయి, అక్కడ మొలలా కిందికి దిగి లోహానికి తగులుతుంది. దీన్ని స్పైక్ అంటారు. అప్పుడు ఆ ఒక్క యానోడ్‌లోంచే అతిగా కరెంటు పోతుంది, లోహం మాత్రం పుట్టదు. ఒక్కో యానోడ్ కడ్డీ మీద రెండు బిందువుల మధ్య మిల్లీవోల్టులు కొలుచుకుంటూ పోతే దొంగ యానోడ్ పట్టుబడుతుంది. దాన్ని పైకెత్తి ఆ మొలను విరగ్గొట్టి మళ్లీ దించుతారు.

దుమ్ము తక్కువగా ఉండాలంటే పాట్‌రూమ్‌లో చేయగలిగింది కొంతే. కొలిమిలో యానోడ్ సరిగా కాలిందా, పిచ్ తగు పాళ్లలో పడిందా అన్నవి వారాల ముందే తేలిపోయి ఉంటాయి. అందుకే పాట్‌రూమ్ వాళ్లకూ కార్బన్ ప్లాంటు వాళ్లకూ మధ్య ఎప్పుడూ ఏదో ఒక వాదన నడుస్తూనే ఉంటుంది.

కార్బన్‌తో ఇంకో పేచీ ఉంది. బాత్‌లో అల్యూమినా రెండు శాతం కన్నా బాగా తగ్గిపోతే, కాలడానికి ఆక్సిజన్ దొరక్క, యానోడ్ ఫ్లోరిన్‌తో కలవడం మొదలెడుతుంది. అడుగంతా వాయువు పొర కమ్ముకుని, నాలుగు వోల్టుల పాట్ ఒక్కసారిగా ముప్ఫై వోల్టుల దాకా ఎగబాకుతుంది. దీన్ని యానోడ్ ఎఫెక్ట్ అంటారు. పూర్వం పచ్చి కర్రలు బాత్‌లోకి గుచ్చి, వాటినుంచి ఎగసే ఆవిరితో ఆ పొరను చెదరగొట్టేవారు. ఇప్పుడు కంప్యూటర్ అల్యూమినాను కొద్దికొద్దిగా పోస్తూ, వోల్టేజి కదలికలను బట్టి ముందే పసిగడుతుంది. ఆ వాయువులో ఉండే కార్బన్ టెట్రాఫ్లోరైడ్ ఒక్క కిలో, భూమిని వేడెక్కించడంలో ఏడు వేల కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం.

ఇన్ని తంటాలు ఎందుకు, కార్బన్‌నే తీసేద్దామన్న ఆలోచన హాల్ కాలం నుంచీ ఉంది. అరగని యానోడ్ పెడితే కార్బన్ డయాక్సైడ్ బదులు ఆక్సిజన్ వస్తుంది. ఆల్కోవా, రియో టింటో కలిసి 2018లో ఎలిసిస్ అనే సంస్థ పెట్టింది ఇందుకే. అంత వేడి క్రయొలైట్‌లో కరగని, కరెంటు బాగా ప్రవహించే పదార్థం దొరకడమే కష్టం. అది దొరికినా, కార్బన్ ఆదా చేసిన ఆ ఒక్క వోల్టు మళ్లీ ముందుకొస్తుంది. టన్ను లోహానికి ఒక వోల్టు అంటే సుమారు 3,100 యూనిట్ల కరెంటు. యానోడ్ దగ్గర మామూలుగా వృథా అయ్యే వోల్టేజి తగ్గడం వల్ల ఇందులో సగం తిరిగి దక్కుతుందనుకున్నా, 1,500 యూనిట్లకు పైగా అదనం. జలవిద్యుత్ ఉన్న కెనడాలో అది కరెంటు బిల్లు సంగతి మాత్రమే. బొగ్గు కరెంటుతో నడిచే చోట యూనిట్‌కు దాదాపు కిలో కార్బన్ డయాక్సైడ్ పొగగొట్టంలోంచి వస్తుంది. టన్ను లోహానికి యానోడ్ దగ్గర ఆపింది ఒకటిన్నర టన్నులు, పవర్ ప్లాంటు దగ్గర పెరిగిందీ అంతే.