టార్గెట్ పెంచితే చేసిన పని చెరిగిపోతుందా?

వరంగల్ హెడ్‌క్వార్టర్‌గా తిరిగే ఒక మెడికల్ రెప్‌ను ఉదాహరణగా తీసుకుందాం. జులై మొదట్లో మేనేజర్ నుంచి మెయిల్ వచ్చింది: ఈ మూడు నెలల టార్గెట్ 12 లక్షలు. పూర్తిగా చేస్తే ఇన్సెంటివ్ 30 వేలు. 80 శాతం దాటితే చేసిన శాతాన్ని బట్టి ఇస్తారు, దాటకపోతే ఏమీ రాదు. సెప్టెంబరు 20న ఇంకో మెయిల్: టార్గెట్ 14 లక్షల 40 వేలకు పెంచాం, జులై 1 నుంచే వర్తిస్తుంది. నెలాఖరుకు అతని అమ్మకం 10 లక్షల 80 వేలు తేలింది. పాత లెక్కలో అది 90 శాతం, అంటే 27 వేలు. కొత్త లెక్కలో 75 శాతం, అంటే సున్నా. వానలో డాక్టర్ల చుట్టూ, స్టాకిస్టుల చుట్టూ తిరిగిన తిరుగుడు మాత్రం అంతే.

"వేరియబుల్ పే కదా, ఇస్తే ఇచ్చినట్టు" అని చాలామంది అక్కడితో వదిలేస్తారు. ఆ అభిప్రాయం తప్పు. చట్టం పేరును కాదు, మాటను చూస్తుంది. ఉత్పత్తిని బట్టి ఇచ్చే బోనస్ అదనపు శ్రమకు ఇచ్చే ప్రోత్సాహక వేతనం లాంటిదని టీటాగఢ్ పేపర్ మిల్స్ కేసులో సుప్రీంకోర్టు 1959లోనే చెప్పింది. కాబట్టి ముందుగా తీయాల్సింది అపాయింట్‌మెంట్ లెటరు, దాని వెంట ఉండే ఇన్సెంటివ్ పాలసీ.

అందులో "ఇంత చేస్తే ఇంత ఇస్తాం" అని లెక్క కట్టి రాసి ఉంటే, ఆ షరతు నెరవేరిన రోజున డబ్బు బాకీ అవుతుంది. అక్టోబరులో చెల్లిస్తామన్నది కేవలం చెల్లింపు తేదీ. హక్కు సెప్టెంబరు 30కే ఏర్పడింది. "ఇవ్వాలా వద్దా అన్నది పూర్తిగా కంపెనీ విచక్షణ" అని రాసి ఉంటే మాత్రం ఉద్యోగి వాదన బలహీనపడుతుంది. సరుకు వాపసు వస్తే తగ్గిస్తామన్న షరతు, చెల్లించే రోజుకు ఉద్యోగంలో ఉండాలన్న షరతు కూడా చాలా పాలసీల్లో ఉంటాయి. రాజీనామా తేదీ రాసే ముందు ఈ రెండో షరతును తప్పక చూసుకోవాలి.

ఇక మధ్యలో మార్చడం సంగతి. ఒప్పందాన్ని మార్చాలంటే ఇరుపక్షాలూ ఒప్పుకోవాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 62వ సెక్షన్‌కు మూలం ఇదే. అందుకే కంపెనీలు "టార్గెట్లను ఎప్పుడైనా సవరించే హక్కు మాకుంది" అన్న వాక్యాన్ని పాలసీలో ముందే పెడతాయి. ఆ వాక్యం ఉంటే రాబోయే మూడు నెలల టార్గెట్ పెంచడాన్ని ఆపడం కష్టం. ఉద్యోగికి నచ్చకపోయినా అది ఒప్పుకున్న షరతే. కానీ అదే వాక్యం పట్టుకుని 82 రోజులు గడిచాక వెనక్కి వెళ్లి లెక్క మార్చడం వేరే సంగతి. సవరించే హక్కు అంటే వెనకటి తేదీ నుంచి సవరించే హక్కు అని పాలసీ స్పష్టంగా చెప్పకపోతే, మన రెప్ తన 27 వేలు అడగడానికి గట్టి ఆధారం ఉంది. నా దృష్టిలో అది అతని డబ్బే.

మందుల కంపెనీల రెప్‌లకు ఇంకో ఆసరా కూడా ఉంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ సేల్స్ ప్రమోషన్ ఉద్యోగులను కార్మికుల్లో చేర్చింది. కార్మికులకు నష్టం కలిగేలా వేతనాల వంటి షరతులను మార్చాలంటే యాజమాన్యం ముందుగా నోటీసు ఇచ్చి 21 రోజులు ఆగాలి. కేవలం టార్గెట్ అంకె మార్చడం దీని కిందికి వస్తుందా అన్నది స్కీము రాసిన తీరును బట్టి తేలుతుంది. మేనేజర్ల స్థాయి వారికి ఈ దారి లేదు, వారు సివిల్ కోర్టుకే వెళ్లాలి.

చాలా కేసులు ఓడిపోయేది చట్టం దగ్గర కాదు, మౌనం దగ్గర. కొత్త టార్గెట్ పోర్టల్‌లో కనబడగానే అందరితోపాటు 'యాక్సెప్ట్' నొక్కేసి, ఏడాది తర్వాత అడిగితే "ఒప్పుకున్నావు కదా" అంటారు. పెంచిన మెయిల్ వచ్చిన రోజే నాలుగు మాటలు మర్యాదగా రాయండి: జులై 1 నుంచి వర్తింపజేయడానికి నా సమ్మతి లేదు, పాత టార్గెట్ ప్రకారమే నా ఇన్సెంటివ్ లెక్కించగలరు. జులై మెయిల్, పాలసీ ప్రతి, స్టాకిస్టుల అమ్మకాల స్టేట్‌మెంట్లు మీ దగ్గర కూడా ఉండాలి, ఎందుకంటే ఉద్యోగం వదిలిన మర్నాడు కంపెనీ మెయిల్ తెరుచుకోదు. సివిల్ కోర్టులో బాకీ దావాకు గడువు, డబ్బు ఇవ్వాల్సిన తేదీ నుంచి 3 ఏళ్లు.