మీ వాట్సాప్ నుంచి ఇంకెవరో డబ్బు అడిగితే

పోయిన నెల మన బడి పిల్లవాడి తల్లి ఒకామె ఏడుస్తూ ఆఫీసు గదికి వచ్చింది. "సార్, నేను ఎవరినీ డబ్బు అడగలేదు, అందరూ నన్నే అంటున్నారు" అంది. ఆమె ఒప్పుకున్న మీదటే, పేరు చెప్పకుండా ఇది రాస్తున్నాను.

జరిగింది ఇది. తెలిసినామె నంబరు నుంచి "పొరపాటున మీకు ఆరంకెల కోడ్ వచ్చింది, కాస్త పంపండి" అని మెసేజ్ వచ్చింది. ఈమె పంపింది. నిజానికి ఆ తెలిసినామె వాట్సాప్ కూడా అప్పటికే దొంగ చేతిలో ఉంది. కోడ్ అందగానే ఈమె వాట్సాప్ కూడా వాడి ఫోన్‌లోకి పోయింది. అరగంటలో చుట్టాలకూ పక్కింటివాళ్లకూ "అర్జెంటు, సాయంత్రం ఇచ్చేస్తా" అని మెసేజులు వెళ్లాయి. వదిన 15,000, పక్కింటాయన 5,000 పంపారు, ఎవరిదో యూపీఐకి.

ముందు వాట్సాప్‌ను వెనక్కి తెచ్చుకోవాలి. సిమ్ మీ దగ్గరే ఉంది కాబట్టి మీ నంబరుతో మళ్లీ రిజిస్టర్ చేయండి. ఎస్సెమ్మెస్‌లో కొత్త కోడ్ వస్తుంది. అది వేయగానే దొంగ బయటికి పోతాడు. వాడు టూ-స్టెప్ పిన్ పెట్టి ఉంటే మీరు లోపలికి వెళ్లడానికి 7 రోజులు ఆగాలి, కానీ వాడు మాత్రం అప్పటికే బయటే ఉంటాడు. లోపలికి వెళ్లాక లింక్డ్ డివైసెస్ అన్నీ తీసేసి, మీ సొంత పిన్ పెట్టుకోండి.

ఈలోగా అందరికీ ఫోన్ చేసి చెప్పండి. కుదరనివాళ్లకు మామూలు ఎస్సెమ్మెస్ పంపండి. వాట్సాప్‌లో చెబితే అది మీరో దొంగో వాళ్లకెలా తెలుస్తుంది? ఈ మాటలు చాలు: "ఈ రోజు ఉదయం 10 నుంచి నా వాట్సాప్ నా చేతిలో లేదు. డబ్బు అడిగింది నేను కాదు, పంపొద్దు. పంపినవాళ్లు ఇప్పుడే 1930కి ఫోన్ చేయండి. ఆ మెసేజులు తుడిచేయకుండా స్క్రీన్‌షాట్ తీసి నాకు పంపండి."

1930కి ఫోన్ చేయాల్సింది డబ్బు పోయినవాళ్లే, ఎందుకంటే ట్రాన్సాక్షన్ నంబరు వాళ్ల దగ్గరే ఉంటుంది. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారిపోయేలోగా ఆపాలి. వదిన గంటలోపే చేసింది కాబట్టి 9,000 బ్యాంకులో ఆగింది, ఇంకా చేతికి రాలేదు. పక్కింటాయన మొహమాటపడి మర్నాడు చేశాడు. ఏమీ ఆగలేదు.

మీరు వేరుగా ఫిర్యాదు ఇవ్వాలి, అదే రోజు. cybercrime.gov.in లో పెట్టి, ఆ నంబరు రాసుకుని, స్టేషన్‌లో కూడా కాగితం ఇచ్చి సీఎస్‌ఆర్ రసీదు అడిగి తీసుకోండి. రేపు పోలీసులు మీ నంబరు పట్టుకుని మీ ఇంటికి వస్తే, "నేను ముందే చెప్పాను" అనడానికి ఆ తేదీ, ఆ సమయమే ఆధారం. దొంగ పంపిన మెసేజులు మీ ఫోన్‌లో ఉండవు, అందుకే అవతలివాళ్ల స్క్రీన్‌షాట్లు కావాలి. మీకొచ్చిన కోడ్ ఎస్సెమ్మెస్, కోడ్ అడిగిన చాట్ మాత్రం మీ దగ్గర ఉంటాయి. సిగ్గుపడి వాటిని చెరిపేయకండి. కోడ్ నేనే పంపాను అన్న మాట కూడా ఫిర్యాదులో దాచకండి. తర్వాత బయటపడితే మిగతా నిజాలు కూడా నమ్మరు.

మోసపోయి కోడ్ ఇచ్చినంత మాత్రాన మీరు నేరస్థులు కారు. మోసం కేసుకు మోసం చేయాలన్న ఉద్దేశం ఉండాలి. ఇంకొకరి పాస్‌వర్డ్ లాంటివి దొంగిలించి వాడటం ఐటీ చట్టం 66సి, ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో ఇంకొకరిలా నటించి మోసగించడం 66డి. రెండూ ఆ దొంగ మీదే. అయితే ఆ డబ్బు ఒక్క రూపాయి మీ ఖాతాలో పడినా సంగతి మారుతుంది. ఎవరు చెప్పినా దాన్ని ఇంకొకరికి పంపకండి. వెంటనే బ్యాంకుకూ పోలీసులకూ చెప్పండి, లేకపోతే మీ ఖాతాయే ఆగిపోవచ్చు.

అసలు చిక్కు మాత్రం ఇంటి పక్కనే వచ్చింది. పక్కింటాయన "నా వల్ల పోయిన 5,000 నెలాఖరుకు ఇస్తాను" అని కాగితం రాసి సంతకం పెట్టమన్నాడు. గొడవ తీరుతుందని ఆమె పెట్టబోయింది. నేను వద్దన్నాను. అలా రాస్తే అది బాకీ ఒప్పుకున్నట్టు అవుతుంది. ఆయన నష్టం నిజమే, ఆయన కోపమూ నిజమే. జాలిపడి సాయం చేయాలనిపిస్తే చేయండి, అది మీ ఇష్టం. ఇచ్చేది బ్యాంకు ద్వారానే ఇచ్చి, "సాయంగా ఇస్తున్నాను, నేను తీసుకున్న డబ్బు కాదు" అని మెసేజ్ పెట్టండి. చివరికి ఆమె ఆయన్ను వెంటబెట్టుకుని స్టేషన్‌కు వెళ్లింది. ఇద్దరూ విడివిడిగా ఫిర్యాదు ఇచ్చారు. ఆయన ఇప్పుడు మాట్లాడుతున్నాడు, కొంచెం ముభావంగానే.

స్టేషన్‌లో తమిళంలో రాయడం కష్టమైతే, సాయంత్రం 4 తర్వాత స్క్రీన్‌షాట్లతో ఆఫీసుకు రండి. మన తమిళ టీచరు రాసిపెడతారు.