తలుపు తట్టాలా, ఫోన్ చేయాలా, లింకు పంపాలా?

2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వం ఇంటింటి కులగణన సర్వే చేయించింది. లక్ష మంది దాకా ఎన్యూమరేటర్లు వీధి వీధీ తిరిగారు. చివరికి దాదాపు 97 శాతం కుటుంబాల వివరాలు అందాయనీ, 3 శాతం పైచిలుకు మిగిలిపోయాయనీ ప్రభుత్వమే చెప్పింది. మిగిలినవాటిలో ఎక్కువ భాగం హైదరాబాద్ మహానగరంలోవే. కొన్ని ఇళ్లకు తాళాలు. కొన్నిచోట్ల మనుషులున్నా వివరాలివ్వలేదు. వాళ్ల కోసం 2025 ఫిబ్రవరిలో రెండో విడత పెట్టారు. టోల్‌ఫ్రీ నంబరుకు ఫోన్ చేస్తే ఎన్యూమరేటర్ ఇంటికే వస్తాడు, లేకపోతే వార్డు ఆఫీసుకు వెళ్లి చెప్పొచ్చు, అదీ కుదరకపోతే ఆన్‌లైన్‌లో ఫారం తీసుకుని నింపొచ్చు అన్నారు.

పట్నాల్లో సర్వే చేసేవాళ్లందరికీ ఉన్న చిక్కే ఇది. ఇంటికి వెళితే మనిషి దొరకడు, ఫోన్ చేస్తే ఎత్తడు, లింకు పంపితే నొక్కడు. మరి ఏ దారిలో వెళితే తక్కువ ఖర్చుతో నిజానికి దగ్గరగా చేరతాం? ఒక ఉదాహరణ తీసుకుని లెక్క వేసి చూద్దాం.

విజయవాడలో 18 ఏళ్లు దాటిన 600 మందిని మూడు సంగతులు అడగాలనుకుందాం. కుళాయి నీళ్లు రోజూ వస్తున్నాయా? ఇంటిపన్ను బకాయి ఉందా? నగరపాలక సంస్థ పనితీరు మీకు ఎంతవరకు తృప్తిగా ఉంది? కింద వేసిన ఖర్చులు నా అంచనాలే. ఊరిని బట్టి, కూలిని బట్టి అవి మారతాయి. వాటి మధ్య ఉండే తేడా మాత్రం అంతగా మారదు.

ముందు ఇంటికి వెళ్లే పద్ధతి. ఊరి మొత్తంలోంచి లాటరీ పద్ధతిలో 40 చిన్న బ్లాకులు ఎంచుకుంటారు. ఒక్కో బ్లాకులో వందా నూటయాభై ఇళ్లుంటాయి. ముందుగా ఒక రోజు తిరిగి ప్రతి గుమ్మాన్నీ పట్టికలో రాసుకోవాలి. మేడ మీద అద్దెగది, షాపు వెనక కాపురం, వాచ్‌మన్ కుటుంబం, ఏదీ తప్పిపోకూడదు. ఆ పట్టికలోంచి ఒక్కో బ్లాకుకు 15 ఇళ్లు తీస్తారు. ఇంట్లో ఎవరిని అడగాలో కూడా ఎన్యూమరేటర్ ఇష్టం కాదు. పెద్దవాళ్లందరి పేర్లూ రాసి, ఒక నియమం ప్రకారం ఒకరిని ఎంచాలి. ఎంపికైన మనిషి డ్యూటీకి పోయుంటే సాయంత్రం మళ్లీ రావాలి, ఆదివారం మళ్లీ రావాలి. పక్కింటాయన తీరిగ్గా ఉన్నాడు కదా అని ఆయన్ని కూర్చోబెట్టారంటే సర్వే అక్కడితోనే చెడింది. పగటిపూట ఇంట్లో దొరికేవాళ్లే ఊరంతా అయిపోతారు.

ఇలా చేస్తే ఒక మనిషి రోజుకు ఐదు ఇంటర్వ్యూలు పూర్తిచేయడం గొప్ప. 600కి 120 పనిదినాలు, పట్టికలకు మరో 40. రోజుకు కూలి, పెట్రోలు కలిపి 1,500 రూపాయలు వేసుకుంటే 2 లక్షల 40 వేలు. శిక్షణ, ట్యాబులు, సూపర్‌వైజర్లు, తనిఖీ కలిపి ఇంకో లక్ష. తలకు 570 రూపాయల దాకా పడుతుంది.

ఇంత పోసినా రెండు లొసుగులుంటాయి. ఒకటి అందరూ ఊహించేదే. ఎండలో తిరగలేక చెట్టుకింద కూర్చుని ట్యాబ్ నింపేవాళ్లుంటారు. దీన్ని పట్టుకోవడం ఇప్పుడు కొంత తేలిక. ఇరవై నిమిషాల ఇంటర్వ్యూ ఆరు నిమిషాల్లో ముగిసిందా, పది ఇంటర్వ్యూలకూ జీపీఎస్ ఒకే చోటు చూపిస్తోందా అని చూస్తారు. పదింట ఒక ఇంటికి సూపర్‌వైజర్ ఫోన్ చేసి, మా మనిషి వచ్చాడా అని అడుగుతాడు.

రెండోది కంటికి కనపడదు. ఒక వీధికి నీళ్లు రాకపోతే ఆ వీధిలో ఎవరికీ రావు. అక్కడ 15 మందిని అడిగినా, ఇద్దరిని అడిగినా తెలిసే సంగతి దాదాపు ఒకటే. కాబట్టి నీళ్ల విషయంలో మన 600 జవాబులు నిజంగా 600 కాదు. ఇరుగుపొరుగు జవాబులు ఎంతగా కలిసిపోతాయో దానికొక లెక్క ఉంది. ఆ పోలిక 0.3 అనుకుంటే 600 ఇంటర్వ్యూలు ఊరంతా చెదురుగా అడిగిన 115తో సమానమవుతాయి. నగరపాలక సంస్థ మీద తృప్తి లాంటి ప్రశ్నకు ఆ పోలిక 0.05 దాకా ఉందనుకుంటే 350 మందితో సమానం. ఎక్కువ బ్లాకులు తీసుకుని, ఒక్కోచోట తక్కువ మందిని అడగడమే దీనికి మందు. దాంతో తిరుగుడు పెరుగుతుంది, ఖర్చూ పెరుగుతుంది.

అందుకే ఫోన్ మీదికి మనసు పోతుంది. ఫోన్‌లో వీధులతో పనిలేదు, జవాబులు ఊరంతా పరుచుకుని వస్తాయి. పది అంకెలు ఏవో కలిపి కంప్యూటర్‌తో డయల్ చేయించే పద్ధతి అమెరికాలో దశాబ్దాలుగా ఉంది. మన దగ్గర దీనికి ఒక అడ్డం ఉంది. రాష్ట్రం విడిపోయినా టెలికాం లెక్కల్లో ఆంధ్ర, తెలంగాణ ఇప్పటికీ ఒకే సర్కిల్. నంబరు చూసి అది విజయవాడదో, ఆదిలాబాద్‌దో చెప్పలేం. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రానికి దాదాపు 8 కోట్ల 46 లక్షల మంది, విజయవాడ నగరానికి 10 లక్షల పైచిలుకు. అంటే ఎనభై మందికి ఒకరు. పలికే నంబర్లు సగమనీ, పలికినవాళ్లలో ఐదుగురికొకరు మాట్లాడతారనీ అనుకున్నా, 600 మందికి దాదాపు 5 లక్షల కాల్స్ చేయాలి. రాష్ట్రం మొత్తం సర్వేకి పనికొచ్చే ఈ పద్ధతి ఒక ఊరికి పనికిరాదు.

ఊరి నంబర్ల జాబితా దొరికితే కథ వేరు. ఒకరు రోజుకు పన్నెండు మందితో మాట్లాడగలరు. అన్నీ కలిపి లక్ష రూపాయల్లో పని ముగుస్తుంది, తలకు 170. కానీ ఆ జాబితా ఎక్కడిది? ఇంటిపన్ను రికార్డుల్లోది అయితే అందులో ఉండేది ఇంటి యజమాని నంబరు. ఆయన హైదరాబాద్‌లోనో అమెరికాలోనో ఉండొచ్చు. మూడో అంతస్తుకు బిందెలు మోస్తున్న అద్దెవాళ్లు ఆ జాబితాలో లేరు. నీళ్ల గురించి అడగాల్సింది వాళ్లనే.

పైగా ఫోన్ ఎత్తడమే తగ్గిపోతోంది. అమెరికాలో ప్యూ పరిశోధన సంస్థ లెక్కల ప్రకారం టెలిఫోన్ సర్వేలకు స్పందించేవాళ్లు 1997లో 36 శాతం, 2018 నాటికి 6 శాతం. ఇక్కడ తెలియని నంబరు కనబడగానే లోనువాళ్లో, ఓటీపీ దొంగలో అనుకుంటాం. అనుకోవడంలో తప్పూ లేదు.

ఇక ఆన్‌లైన్. అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో లింకు పెడితే రెండు రోజుల్లో రెండు వేల జవాబులొస్తాయి, ఖర్చు నామమాత్రం. వచ్చిన రెండు వేలమందీ ఎవరన్నదే ప్రశ్న. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలోని పట్టణాల్లో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మగవాళ్లు 72.5 శాతం, ఆడవాళ్లు 51.8 శాతం. అదీ 49 ఏళ్ల లోపువాళ్ల లెక్క. ఆ తర్వాత వాడకం పెరిగింది, నిజమే. అయినా రీల్స్ చూడటం ఒకటి, పది ప్రశ్నల ఫారం చదివి నింపడం ఇంకొకటి. బోరు, ట్యాంకరు ఉన్న అపార్ట్‌మెంటువాసులు కుళాయి నీళ్లు బాగానే ఉన్నాయంటే కొండవాలు కాలనీలకు ఒరిగేదేమీ లేదు. రెండు వేలు కాదు, ఇరవై వేల జవాబులొచ్చినా ఈ లోపం పోదు.

డబ్బులిచ్చి ఆన్‌లైన్‌లో జనాన్ని పోగుచేసే సర్వేలతో ఇంకో తంటా. 2022లో ప్యూ సంస్థ అలాంటి ఒక సర్వేలో, అణు జలాంతర్గామి నడిపే లైసెన్సు మీకుందా అని అడిగింది. 30 ఏళ్లలోపువాళ్లలో 12 శాతం ఉందన్నారు. చదవకుండా టిక్కులు కొట్టుకుంటూ పోయేవాళ్లు ఎంతమందో అలా బయటపడింది.

ఇంతా చెప్పాక ఆన్‌లైన్‌ను తీసిపారేయొద్దు. నిజం రాబట్టడంలో అది మిగతా రెండింటినీ మించిన సందర్భాలున్నాయి. ప్యూ వాళ్లే 2014లో తమ దగ్గరున్న సుమారు 3,000 మందిని లాటరీ వేసి రెండుగా విడదీశారు. ప్రశ్నలు ఒకటే. సగం మందిని ఫోన్‌లో అడిగారు, సగం మంది తెర మీద చదివి నింపారు. కుటుంబ జీవితం చాలా తృప్తిగా ఉందని ఫోన్‌లో 62 శాతం చెబితే, తెర మీద 44 శాతమే చెప్పారు. మనుషుల్లో తేడా లేదు, అవతల వినేవాళ్లు ఉన్నారా లేదా అన్నదే తేడా. మన ఇళ్లలో ఈ మొహమాటం ఇంకో మెట్టు ఎక్కువ. అత్తగారు పక్కన కూర్చుని ఉండగా కోడల్ని, స్పీకర్ పెట్టి భర్త వింటుండగా భార్యని ఏం అడిగినా ఏం లాభం?

మన మూడు ప్రశ్నల్నీ ఇప్పుడు చూడండి. నీళ్లొస్తున్నాయా అంటే అబద్ధం చెప్పాల్సిన పనిలేదు. అక్కడ అడిగే తీరు కన్నా ఊరంతటినీ అందుకోవడం ముఖ్యం. పన్ను బకాయి ఉందా అంటే ఎదురుగా మనిషి ఉన్నప్పుడు లేదనడమే తేలిక. దానికి ఇంటికి వెళ్లిన ఎన్యూమరేటర్ ట్యాబ్‌ను వాళ్ల చేతికిచ్చి, మీరే నొక్కండి అని పక్కకు తిరగడం మేలు. మూడోదానికి జవాబులు ఇచ్చే వరుస కూడా లెక్కలోకి వస్తుంది. చెవితో విన్నప్పుడు చివర విన్న జవాబు నోటికొస్తుంది, కంటితో చదివినప్పుడు మొదటిది చేతికి దొరుకుతుంది. అందుకే సగం మందికి వరుస తిరగేసి ఇస్తారు.

దేశంలో ఉద్యోగ, నిరుద్యోగ లెక్కలు తీసే శ్రామిక శక్తి సర్వే 2017లో మొదలైంది. అందులో ఒక్కో పట్టణ కుటుంబాన్ని నాలుగు విడతలు అడుగుతారు. మొదటిసారి ఇంటికే వెళతారు. కరోనా వచ్చాక తర్వాతి విడతల్ని ఎక్కువగా ఫోన్‌లోనే పూర్తిచేస్తూ వచ్చారు. ఇంటికొచ్చిన మనిషి ఫోన్ చేస్తే జనం మాట్లాడతారు. అంతకన్నా పెద్ద లాభం ఇంకొకటుంది. ఫోన్ ఎత్తనివాళ్లు ఎవరో, మొదటిసారి ఏం చెప్పారో మన దగ్గర ఉంటుంది. అద్దెవాళ్లు ఎక్కువగా తప్పిపోతున్నారా, ఆడవాళ్లు తప్పిపోతున్నారా అన్నది చూసుకుని ఆ మేరకు లెక్క సరిదిద్దుకోవచ్చు. ముక్కూమొహం తెలియని నంబర్లకు ఫోన్ చేసినప్పుడు ఆ వీలుండదు.

విజయవాడ పని నాకిస్తే మొదటి విడత 60 బ్లాకుల్లో పదేసి ఇళ్లకు మనుషుల్ని పంపుతాను, ఖర్చు 4 లక్షలకు చేరినా సరే. ఆ ఇళ్లలోనే ఫోన్ నంబర్లు తీసుకుని, మూడు నెలలకొకసారి ఫోన్‌లో అడుగుతాను. ఏడాదికి నాలుగు విడతలూ కలిపి 7 లక్షలవుతుంది. నాలుగుసార్లూ ఇంటికే వెళితే 14, 15 లక్షలు దాటుతుంది. లింకు మాత్రం పూర్తి జాబితా ఉన్నచోటే పంపుతాను. ఒక కాలేజీ విద్యార్థులు, ఒక ఆఫీసు ఉద్యోగులు అలాంటివాళ్లకు. ఊరికి పంపను.

పేపర్లో ‘నగరవాసుల్లో 70 శాతం మంది ఇలా అన్నారు’ అని సర్వే కనబడితే, ఎలా అడిగారో, ఎంతమందిని అడగబోతే ఎంతమంది చెప్పారో కింద రాశారేమో చూడండి. ఆ రెండూ లేకపోతే ఆ 70ని పట్టించుకోనక్కర్లేదు.